స్లైడ్‌లో నేను చెరిపేసిన సున్నా

ఆ అమ్మాయి జవాబు తప్పు కాదు. తప్పు కాదని నాకు తెలిసిన సాయంత్రం నా చేతిలో మార్కుల జాబితా ఇంకా ఉంది, దిద్దడానికి పది నిమిషాలు చాలు. నేను దిద్దలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు కూడా చెప్పలేదు.

నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. పాఠం చెప్పడంలో నాకు మొదటి నుంచీ ధైర్యం ఎక్కువ. ఎంత భయపడే పిల్లలనైనా మూడు క్లాసుల్లో దారికి తెచ్చుకోగలనని ఇప్పటికీ అనుకుంటాను, అది పెద్దగా అబద్ధం కూడా కాదు. ఆ ఏడాది మా కాలేజీలో డేటా సైన్స్ గ్రూపు కొత్తగా పెట్టారు. ఇంటర్‌లో లెక్కలు చదవని వాళ్ళను కూడా చేర్చుకున్నారు, కాని ఒక షరతు మీద. ఆరు వారాల బ్రిడ్జి కోర్సు, చివర వంద మార్కుల పరీక్ష. నలభై వస్తే గ్రూపులో ఉంటారు, రాకపోతే కామర్స్‌కు మారాలి. మళ్ళీ పరీక్ష ఉండదు. ఆ కోర్సు నాకు అప్పగించారు.

ఆ అమ్మాయి బైపీసీ నుంచి వచ్చింది. చిక్కడపల్లిలో ఇల్లు. అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్లున్న సందులో, వాళ్ళ నాన్నకు జిరాక్సు దుకాణం ఉంది. పోటీ పరీక్షల నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, స్పైరల్ బైండింగు అక్కడి వ్యాపారం. నా స్లైడ్లు కూడా క్లాసు మొత్తానికి ఆయన దగ్గరే ప్రింటయ్యేవి.

మొదటి వారంలో ఆమె రెండో బెంచీ చివర కూర్చుని పెన్ను మూత తీయడం, పెట్టడం తప్ప ఏమీ చేసేది కాదు. అవధుల, అంటే లిమిట్ల స్లైడ్ తెర మీద పడిన రోజు అది కూడా ఆగిపోయింది. గ్రీకు అక్షరాలు చూసి అందరూ బెదురుతారు, అది మామూలే. క్లాసయ్యాక ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, గీ ఎప్సిలాన్, డెల్టా అంటే ఏంది సార్? నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. కామర్స్‌కు పోతనేమోనని పరేషాన్ అయితుంది."

"కూర్చో అమ్మా. ఎప్సిలాన్ అంటే నువ్వు నాకు పెట్టే షరతు. డెల్టా అంటే దానికి నేనిచ్చే జవాబు. ఆడదామా?"

ఆడుకోవడమేమిటన్నట్టు చూసింది. బోర్డు మీద 2x + 1 అని రాశాను.

"x మూడుకు దగ్గరవుతుంటే ఇది ఎంతకు దగ్గరవుతుంది?"

"రెండు మూళ్ళు ఆరు, ఒకటి కలిపితే ఏడు."

"సరే. నేను ఏడు అంటున్నాను, నువ్వు నమ్మడం లేదు. ఏడుకు ఎంత దగ్గరగా తెస్తే నమ్ముతావో చెప్పు."

"ఏమో సార్. అర."

"అయితే x ని మూడు నుంచి పావు దూరం లోపల ఉంచు. విలువ ఏడు నుంచి అర దూరం లోపలే ఉంటుంది. సరిచూసుకో."

నోటు పుస్తకంలో 3.2 వేసి చూసింది. 7.4 వచ్చింది. 2.9 వేసింది, 6.8. తల ఊపింది. తర్వాత కాస్త మొండిగా అంది.

"పదో వంతు అంటే?"

"ఇరవయ్యో వంతు లోపల ఉంచు."

"వెయ్యో వంతు?"

"నువ్వే చెప్పు."

"రెండు వేలో వంతు." ఆగింది. "ప్రతిసారి సగమే. నేనేం అడిగినా మీరు అండ్ల సగం ఇస్తరు."

"అంతే. అదే రుజువు. ఒక్క ఎప్సిలాన్‌కి డెల్టా చూపిస్తే చాలదు. నువ్వు ఎంత చిన్నది అడిగినా ఇవ్వగలిగే పద్ధతి ఒకటి నా దగ్గర ఉండాలి. ఇక్కడ ఆ పద్ధతి సగం."

ఆమె పెన్ను మూత పెట్టేసి, నాకు చెబుతున్నట్టు కాకుండా తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"మా నాన్న మిషన్ మీద రెండొందల పర్సెంట్ పెట్టినట్టు."

"ఏంటి?"

"ఎన్లార్జ్ సార్. రెండొందల మీద పెడితే అద్దం మీద కాగితం ఒక మిల్లీమీటర్ జరిగినా కాపీల రెండు మిల్లీమీటర్లు జరుగుతది. కాపీల తేడా ఒక మిల్లీమీటర్ దాటొద్దంటే అద్దం మీద కాగితాన్ని అర మిల్లీమీటర్ లోపల పెట్టాలె. మా నాన్న కస్టమర్లను తిడుతనే ఉంటడు, జర సీదా పెట్టుండ్రి అని."

ఇరవై ఏళ్ళకు దగ్గరగా పాఠం చెప్పి ఉంటాను అప్పటికి. అంత చక్కటి ఉదాహరణ నాకు తట్టలేదు. రెండు రెట్లు పెంచే యంత్రం, బయట ఒప్పుకునే తేడా, లోపల పాటించవలసిన జాగ్రత్త. ఎప్సిలాన్ బయటి కాగితం మీద ఉంటుంది, డెల్టా అద్దం మీద. మరుసటి రోజు క్లాసులో అదే చెప్పాను. అందరూ తలలూపారు. అది ఎవరిదో చెప్పలేదు. ఆమె రెండో బెంచీ నుంచి నన్ను చూసి చిన్నగా నవ్వింది. అప్పటి నుంచి ఏటా అదే ఉదాహరణ చెబుతున్నాను, నా సొంతమన్నట్టే.

ఇక స్లైడ్ సంగతి. మా ప్రిన్సిపాల్‌కు స్లైడ్లంటే ఇష్టం. చివరి వరుసలో కూర్చున్నా చదవగలిగేంత పెద్ద అక్షరాలుండాలి, ఒక్కో నిర్వచనం ఒక్కో తెర మీద పట్టాలి అని చెప్పేవారు. అవధి నిర్వచనాన్ని పెద్ద అక్షరాల్లో పెడితే మధ్య వరుస విరిగి రెండో లైనులోకి జారింది. సరైన నిర్వచనంలో ఆ వరుస ఇలా ఉంటుంది:

0 < |x − a| < δ అయినప్పుడల్లా |f(x) − L| < ε

మొదట ఉన్న "0 <" తీసేస్తే వరుస చక్కగా పట్టింది. తీసేశాను. ఆ క్షణంలో నేను అనుకున్నది కూడా గుర్తుంది. |x − a| అంటే దూరమే, దూరం ఎటూ సున్నాకు తక్కువ కాదు కదా, అది చెప్పకపోయినా నష్టమేముంది అనుకున్నాను. లెక్కలు కొత్తగా చదివేవాడు అనుకోవలసిన మాట అది. ఆ సున్నా చెప్పేది దూరం సున్నాకు తక్కువ కాదని కాదు, దూరం సున్నా కాకూడదని. అంటే x ఆ బిందువుకు ఎంత దగ్గరకైనా రావచ్చు, కాని ఆ బిందువు కాకూడదు. అవధి అడిగేది చుట్టుపక్కల ఏం జరుగుతోందని మాత్రమే. సరిగ్గా ఆ చోట విలువ ఎంత ఉన్నా, అసలు విలువే లేకపోయినా దానికి పట్టదు. అది పట్టించుకునేది అవిచ్ఛిన్నత, అంటే కంటిన్యుటీ. చుట్టుపక్కల విలువలు దేనికి దగ్గరవుతున్నాయో, ఆ చోట ఉన్న విలువ కూడా అదే కావాలని అది అడుగుతుంది. అందుకే అవిచ్ఛిన్నత నిర్వచనంలో L స్థానంలో f(a) వస్తుంది, "0 <" అవసరం ఉండదు. ఈ రెంటి మధ్య ఉన్న గోడను నేను అక్షరాల సైజు కోసం కూల్చాను.

ఆమె దాన్ని గమనించింది కూడా. అవిచ్ఛిన్నత స్లైడ్ వేసిన రోజు చెయ్యెత్తింది.

"సార్, గీ రెండు స్లైడ్లు ఒక్క తీర్గనే ఉన్నయి. లిమిట్‌కు, కంటిన్యుటీకి ఫరక్ ఏంది మరి?"

"కవల పిల్లలమ్మా," అన్నాను. "కొన్నాళ్ళు చూస్తే ఎవరు ఎవరో తెలుస్తుంది."

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ నుంచి ఎవరో "అక్కా, కండ్లద్దాలు తెచ్చుకో" అన్నారు. ఆమె కూర్చుంది. నేను వెనక్కి తిరిగి తెర వైపు చూసి ఉంటే సరిపోయేది. ఆ కోర్సు మొదటి రోజునే నేను చెప్పిన మాట ఇంకోటుంది: లావు పుస్తకాలు చూసి భయపడొద్దు, నా స్లైడ్లను నమ్మండి, అందులో ఉన్నదే పరీక్షకు ప్రమాణం. ఆమె నమ్మింది.

పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. x మూడు కానప్పుడు f విలువ 2x + 1, సరిగ్గా మూడు దగ్గర మాత్రం పది. x మూడుకు దగ్గరవుతున్నప్పుడు అవధి ఉందా, ఉంటే ఎంత, నిర్వచనం వాడి చూపండి. f అనే ఆ ప్రమేయం అక్కడ అవిచ్ఛిన్నమా?

జవాబు సులువు. చుట్టుపక్కల అంతా ఏడుకే దగ్గరవుతోంది కాబట్టి అవధి ఏడు. ఆ చోట విలువ పది కాబట్టి అవిచ్ఛిన్నం కాదు. నిర్వచనం చూడకుండానే చాలామంది ఏడు అని రాసి, కింద నేర్చుకున్న నాలుగు వాక్యాలు అతికించారు. వాళ్ళకు మార్కులు వేశాను.

ఆమె ఒక పేజీ రాసింది. అవధి లేదని రాసింది. ఎప్సిలాన్ ఒకటి తీసుకుంది. డెల్టా ఎంత చిన్నదైనా x మూడు అయినప్పుడు దూరం సున్నా, అది డెల్టా కంటే తక్కువే, కాబట్టి మూడును కూడా లెక్కలోకి తీసుకోవాలి అంది. అక్కడ విలువ పది. అవధి L అనేది ఉంటే పదికీ దానికీ దూరం ఒకటి కంటే తక్కువ కావాలి, అంటే L తొమ్మిది కంటే పెద్దది. కాని మూడు పక్కనున్న విలువలన్నీ ఏడు దగ్గర ఉన్నాయి, వాటికీ L కీ మధ్య దూరం ఒకటి దాటుతుంది. కాబట్టి ఏ సంఖ్యా అవధి కాదు. చివర గీత గీసి, "స్లైడ్ 14 ప్రకారం అవధి లేదు, అందుకే అవిచ్ఛిన్నమూ కాదు" అని రాసింది.

ఆ చివరి వాక్యంలో "అవధి లేదు" అన్నది మాత్రమే నేను చూశాను. సున్నా వేశాను. ఆమెకు మొత్తం ముప్ఫై నాలుగు వచ్చాయి.

పేపర్లు ఇచ్చిన మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చింది. ఒక చేతిలో పేపరు, ఒక చేతిలో వాళ్ళ నాన్న దుకాణంలో ప్రింటైన స్లైడ్లు. నా ఎదురుగా మా శాఖాధిపతి టీ తాగుతున్నారు. కిందటి వారమే ప్రిన్సిపాల్ నా స్లైడ్లను మెచ్చుకుని, కాలేజీ మొత్తానికి స్లైడ్లు తయారుచేసే బాధ్యత నాకే ఇద్దామన్నారు.

"సార్, గీడ మూడును పక్కకు పెట్టమని యాడ లేదు గద. మరి నేను గిట్ల రాస్తే ఎట్ల తప్పయితది?"

"దగ్గరికి వెళ్ళడమంటే ఎక్కి కూర్చోవడమా?" అన్నాను. "బస్టాపు దగ్గరికి వెళ్ళమంటే బస్సు కింద పడతావా? ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లేదూ?"

శాఖాధిపతి నవ్వారు. నాకు ఆ నవ్వు బాగుంది.

"కానీ సార్, స్లైడ్ల..."

"స్లైడ్ బట్టీ పడితే లెక్కలు రావమ్మా. అర్థం చేసుకోవాలి."

ఆ గదిలో ఆ నిర్వచనాన్ని అర్థం చేసుకుని వాడిన మనిషి ఆమె ఒక్కతే. కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు. అది నాకు పొగరులా అనిపించింది.

ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని, లాప్‌టాప్ తెరిచాను. ఆమె మాట ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. పద్నాలుగో స్లైడ్ తెరిచాను. సున్నా లేదు.

ఆమె జవాబును మళ్ళీ మనసులో మొదటి నుంచి చదువుకున్నాను. ఆ నిర్వచనం నుంచి ఆ జవాబు తప్ప వేరేది రాదు. ఏడు అని రాసిన వాళ్ళే నేనిచ్చిన నిర్వచనం ప్రకారం తప్పు రాశారు. కిటికీలోంచి ఇంకా వెలుతురు వస్తోంది, జాబితా నా సంచిలో ఉంది, మర్నాడు పదింటికి ఇవ్వాలి. సున్నా కొట్టేసి పది వేస్తే నలభై నాలుగు. ఆమె గ్రూపులో ఉంటుంది.

వేయలేదు. కారణాలు ఆలోచించుకున్నాను. శాఖాధిపతి ముందు అంత మాట అన్నాక రేపు ఏ ముఖంతో దిద్దాలి? ఒకరికి దిద్దితే మిగతా పేపర్లన్నీ మళ్ళీ చూడమంటారేమో. అయినా ఏ పుస్తకంలో చూసినా సరైన నిర్వచనం ఉంటుంది, చూసుకోవలసింది ఆమె. పుస్తకాలొద్దని చెప్పింది నేనేనని అప్పుడు గుర్తు తెచ్చుకోలేదు. అక్షరాల సైజు తగ్గించి, "0 <" తిరిగి పెట్టి, క్లాసు వాట్సాప్ గ్రూపులో కొత్త ఫైలు పంపాను. "నీట్ కాపీ" అని రాశాను. తప్పు దిద్దానని రాయలేదు. ముగ్గురు బొటనవేళ్ళు పెట్టారు. ఆమె అప్పటికే గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఏదో ప్రింటు కోసం అశోక్‌నగర్ వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. వాళ్ళ నాన్న నన్ను చూసి మిషన్ ఆపి, స్టూలు తుడిచి వేశారు.

"కూసోండ్రి సార్. ఛాయ్ చెప్పాల్నా? మా బిడ్డ మీ గురించే చెప్పేది, సార్ మంచిగ చెప్తడు, సార్ మంచిగ చెప్తడు అని. మీరేం జేస్తరు సార్, దానికి లెక్కల దిమాగ్ లేదు. మా ఖాందాన్‌ల ఎవ్వరికి లేదు. కామర్స్ అయితే అయిందిలే, గదే దాని నసీబ్."

లోపల బైండింగు బల్ల దగ్గర ఆమె కాగితాలకు రంధ్రాలు చేస్తోంది. తల ఎత్తలేదు. "అలా అనకండి" అంటే చాలు. నేను "చూద్దాంలెండి" అన్నాను. ఏం చూద్దాం? టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత ప్రింట్ల కోసం హిమాయత్‌నగర్ వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

ఈ ఏడాది బ్రిడ్జి క్లాసులో ఒక కుర్రాడు ఉన్నాడు, కామర్స్ నుంచి వచ్చాడు. అవధి స్లైడ్ వేయగానే చెయ్యెత్తాడు.

"సార్, గీ సున్నా ఎందుకు సార్? మోడ్ అంటే దూరమే, అది ఎట్లైనా సున్నా కన్న తక్కువ కాదు గద. వేస్ట్ కదా?"

నేను పొరపడింది అక్కడే. ఇరవై ఏళ్ళ అనుభవంతో నేను చేసిన తప్పును, ఆ పిల్లవాడు మొదటి రోజునే ప్రశ్నగా అడిగాడు. చెప్పాను. మూడు దగ్గర పది పెట్టిన ప్రమేయం రాసి, ముందు సున్నాతో చేయించాను. అవధి ఏడు వచ్చింది. తర్వాత సున్నా చెరిపి, ఎప్సిలాన్ ఒకటి తీసుకుని చేయించాను. డెల్టా ఎంత తీసుకున్నా మూడు లోపలికి వచ్చి కూర్చుంది, ఏ సంఖ్యా నిలబడలేదు. ఆ అమ్మాయి పేజీలో రాసిన వాక్యాలన్నీ వరసగా నా నోటి నుంచే వచ్చాయి. ఆరేళ్ళుగా ఒక్క మాట కూడా మరచిపోలేదని అప్పుడు తెలిసింది.

కుర్రాడి ముఖం విప్పారింది.

"అర్థమైంది సార్! సున్నా తీసేస్తే లిమిట్, కంటిన్యుటీ ఒకటే అయిపోతయి. ఖతర్నాక్ ఉంది సార్ ఈ రుజువు. మీరే రాసిన్రా?"

"కాదు," అన్నాను.

"మరెవ్వరు సార్?"

నలభై మంది చూస్తున్నారు. "ఈ కాలేజీలోనే ఒక స్టూడెంట్ రాసింది. అప్పుడు నా స్లైడ్‌లో ఈ సున్నా లేదు. ఆమె దాన్ని పట్టుకుని సరిగ్గా రాస్తే నేను సున్నా మార్కులు వేశాను. జిరాక్సు మిషన్ ఉదాహరణ కూడా ఆమెదే," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఒక అమ్మాయి మాత్రం, "మరి ఆమెకు చెప్పిన్రా సార్?" అంది.

ఆ సాయంత్రం నారాయణగూడ నుంచి అశోక్‌నగర్‌కు నడిచాను. ప్రిన్సిపాల్‌కు ముందే ఒక కాగితం ఇచ్చాను, జరిగింది జరిగినట్టు రాసి. ఆయన చదివి, ఆరేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకండీ, ఆ అమ్మాయి డిగ్రీ కూడా అయిపోయి ఉంటుంది, అన్నారు. ఫైల్లో పెట్టమన్నాను. దాని నకలొకటి జేబులో పెట్టుకున్నాను.

దుకాణం అక్కడే ఉంది, మిషన్లు రెండయ్యాయి. వాళ్ళ నాన్న జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టారు.

"ఓ సార్! ఎన్నేండ్లాయె! ఇటు దిక్కే రాకపోతిరి. కూసోండ్రి."

"మీ అమ్మాయి ఎలా ఉందండీ?"

"ఉన్నది సార్. బీకాం అయింది. గవర్నమెంట్ జాబ్‌కు ప్రిపేర్ అయితుంది. పొద్దుందాక లైబ్రరీల, పొద్దుగూకితే ఈడ. రెండు సార్లు రాసింది, జరంతల పోయింది. ఏముంది సార్, లెక్కల భాగం రాంగనే పేజీ తిప్పేస్తది. కోచింగ్ సారేమో అమ్మా, గవి చేస్తే చాలు నీకు జాబ్ వస్తదంటడు. ఇదేమో నాకు రావు, నేను ముట్టుకోనంటది. నేను గూడ వద్దులే బిడ్డా అన్న. రానిది ఎందుకు, టైం వేస్ట్."

నేను చేసింది ఆరేళ్ళ కింద ముగిసిపోయిందని అనుకుంటూ వచ్చాను. ముగియలేదు. ప్రతి పరీక్షలో ఆమె ఆ పేజీ తిప్పుతూనే ఉంది.

ఆమె వచ్చేసరికి ఆరున్నర దాటింది. భుజాన సంచి, చేతిలో నీళ్ళ సీసా. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

"నమస్తే సార్," అంది. అందులో కోపం లేదు, ఆదరం లేదు. సంచి కౌంటరు వెనక పెట్టి, ఎవరో ఇచ్చిన నోట్సు బైండింగుకు తీసుకుంది.

నేను మొదలుపెట్టాను. లెక్క నుంచే మొదలుపెట్టాను, నాకు తెలిసిన దారి అదే కాబట్టి. ఒక తెల్ల కాగితం అడిగి నిర్వచనం రాసి, సున్నా చుట్టూ గీత గీసి, ఇది ఉంటే బిందువు బయట ఉంటుంది, లేకపోతే లోపలికి వస్తుంది, అప్పుడు నా స్లైడ్‌లో ఇది లేదు, కాబట్టి నువ్వు రాసిన... ఇలా చెప్పుకుపోతున్నాను. గొంతు క్లాసులోలాగే స్థిరంగా ఉంది. ఆమె కాగితం వైపు చూసింది, ఎక్కువసేపు చూడవలసిన అవసరం ఆమెకు రాలేదు.

"అంటే మూడును తీసుకునుడు కరెక్టే."

"కరెక్టే. మొదటి లైను నుంచి చివరి లైను దాకా."

వాళ్ళ నాన్న మిషన్ ఆపేశారు. "ఏంది సార్? ఏమంటున్రు?"

"మీ అమ్మాయికి ఆ రోజు నలభై నాలుగు రావాలండీ. పాసు."

ఆయన కూతురి వైపు తిరిగి, "మరి నువ్వు చెప్పలేదేమే?" అన్నారు.

"చెప్పిన నాన్నా. నువ్వే అన్నవ్, సార్ తప్పు చేస్తడా, నీకే సమజ్ కాలేదని." తండ్రి చూపు దించుకున్నారు. ఆమె నా వైపు తిరిగింది. "సార్, సున్నా సంగతి నాకు సమజయింది, ఇడిసిపెట్టుండ్రి. ఒక్కటి చెప్పుండ్రి. మీకు ఎప్పుడు తెల్సింది?"

నేను పొరపాటు చెప్పడానికే వచ్చాను, తేదీ చెప్పడానికి కాదు. "తర్వాత" అంటే సరిపోయేది. ఈ మధ్యే స్లైడ్లు తిరగేస్తుంటే కనబడిందంటే ఆమె నమ్మేది కూడా.

"అదే రోజు," అన్నాను. "నువ్వు స్టాఫ్ రూమ్ నుంచి వెళ్ళిన సాయంత్రం. జాబితా నా దగ్గరే ఉంది."

ఆమె చేతిలోని కాగితాల కట్టను కౌంటరు మీద పెట్టేసింది.

"గంత జల్దిగ తెల్సిందా?" అంది. గొంతు పెరిగింది. "ఆరేండ్లు సార్! నేను షాపుల చిల్లర లెక్క గూడ రెండుసార్లు చూసుకుంట. మా తమ్ముడు టెన్త్ లెక్కలు అడిగితే పో, నాకు రాదన్న. నాకు రాదు, నాకు రాదు అని నేనే అనుకుంట తిరిగిన. మీరేమో తెల్సి ఊకున్నరు."

వాళ్ళ నాన్న "బిడ్డా" అన్నారు, ఆపడానికి. "అననివ్వండి," అన్నాను. సందులో ఎవరో "అన్నా, రెండు కాపీలు" అని కాగితం చాచారు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి పంపించేశారు.

జేబులోని నకలు తీసి కౌంటరు మీద పెట్టాను. "ఇది కాలేజీలో ఇచ్చాను. నీ జవాబు సరైనదని, తప్పు నాదని ఉంది. దీనితో నీ డిగ్రీ మారదు, నాకు తెలుసు. నీకు కావలిస్తే లెక్కల భాగానికి రోజూ ఇక్కడికే వస్తాను. వద్దంటే రాను."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. నా ముఖం వైపే చూస్తూ నిలబడింది, నేను ఇంకా అసలు మాట అననందుకు. నిజమే, అనలేదు. స్టూలు మీద నుంచి లేచాను.

"స్లైడ్ తప్పు పొరపాటున జరిగింది, అమ్మా. మిగతాదేదీ పొరపాటు కాదు. నువ్వు అడిగినప్పుడు అందరి ముందు ఎగతాళి చేశాను. నువ్వే రైటని అదే రోజు తెలిసి కూడా, నా పేరు చెడుతుందని నీకు సున్నా ఉంచేశాను. నీకు లెక్కలు రావని మీ నాన్నగారు నాతో అంటుంటే ఇదే స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ విన్నాను, కాదనలేదు. నీకు లెక్కలు వచ్చు. ఆ క్లాసులో అందరికంటే బాగా వచ్చు. నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించు."